విజిటర్ పాస్ ఫారంలో హోస్ట్ సంతకం ఒక్కటే ఉంటే చాలదనిపిస్తోంది. మీ దగ్గర ఎలా ఉంది?

ఫారం_పని

అందరికీ నమస్కారం. మా ప్రాంగణంలో విజిటర్ పాస్ ఫారం కొత్తగా తయారు చేసే పని నాకు అప్పగించారు. ఇప్పుడున్నది ఒక్క పేజీ. పైన వచ్చే మనిషి పేరు, కంపెనీ, ఏ పని మీద వస్తున్నారు అన్న వివరాలు. కింద రెండు సంతకాలు, హోస్ట్‌ది ఒకటి, గేటు సెక్యూరిటీది ఒకటి. ఇన్నాళ్లూ దాని మీద ఎవరూ ఏమీ అనలేదు. ఈమధ్య జరిగిన ఒక సంగతితో ఆ రెండు సంతకాల మధ్య ఎంత ఖాళీ ఉందో బయటపడింది.

సర్వర్ హాలు పక్కన ఉన్న యూపీఎస్ బ్యాటరీ గదిలో సర్వీసుకి బయటి కంపెనీ నుంచి ఇద్దరు టెక్నీషియన్లు రావాలి. ఇద్దరి పేర్లూ ఫారంలో ఉన్నాయి, హోస్ట్ ముందురోజే సంతకం పెట్టారు. తీరా ఉదయం వచ్చినవాళ్లలో ఒకరే ఫారంలో ఉన్న మనిషి. రెండో ఆయన "అతనికి ఒంట్లో బాగోలేదు, బదులు నన్ను పంపారు" అని కంపెనీ ఐడీ చూపించారు. గార్డు హోస్ట్‌కి ఫోన్ చేస్తే, ఆయన మీటింగ్‌లో ఉండి "అదే కంపెనీ కదా, పంపించండి" అన్నారు. గార్డు పాత పేరు కొట్టేసి, పైన కొత్త పేరు రాసి, లోపలికి వదిలారు.

మధ్యాహ్నం ఒంటిగంట దాకా హోస్ట్ వాళ్లతోనే ఉన్నారు. ఆ తర్వాత పక్క సీటులో ఉన్న ఆయనకి "కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పి వేరే భవనానికి వెళ్లారు. ఆ పక్క సీటు ఆయన షిఫ్టు నాలుగున్నరకి అయిపోయింది, ఇంటికి వెళ్లిపోయారు. ఆరింటికి రిజిస్టర్ చూస్తే లోపలికి ఇద్దరు, బయటికి ఒక్కరు. కెమెరాలో చూస్తే రెండో మనిషి కూడా వెళ్లిపోయినట్టు తేలింది, కానీ పాస్ ఆయనతోనే వెళ్లింది. వస్తువులేవీ పోలేదు. అయినా నాలుగున్నర తర్వాత ఆ ఇద్దరి వెంట ఎవరున్నారని అడిగితే, ఫారం మాత్రం "హోస్ట్" అంటోంది.

హోస్ట్, అనుమతి ఇచ్చేవారు, వెంట ఉండేవారు అని గడులు విడగొడదామనుకుంటున్నాను. మీలో గేటు పని, లోపలి పని చూసినవాళ్లు ఏమంటారు?

ఉత్తర_గేటు

గడులు విడగొట్టండి, కానీ ముందు ఒక్కో సంతకం దేనికి జవాబో తేల్చుకోండి. లేకపోతే మూడు గడుల్లోనూ ఒకే మనిషి మూడుసార్లు సంతకం పెట్టేస్తారు.

మీ కథలో మొదటి జారుడు గేటు దగ్గరే జరిగింది, దాన్నుంచే మొదలుపెడతాను. హోస్ట్ ముందురోజు ఒప్పుకున్నది కంపెనీని కాదు, ఇద్దరు మనుషుల్ని. ఫలానా మనిషి, ఫలానా పనికి, ఫలానా గదికి, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు. ఈ నాలుగూ కలిస్తేనే అనుమతి. అందులో మనిషి మారితే ఆ అనుమతి అతనికి వర్తించదు. కాబట్టి పేరు కొట్టేసి మరో పేరు రాసే అధికారం గార్డుకి ఉండకూడదు. హోస్ట్‌కి కూడా ఫోన్‌లో ఉండకూడదు. కొత్త మనిషికి కొత్త ఫారం, అంతే.

ఇలా అంటే పని ఆగిపోతుందని అందరూ భయపడతారు. అందుకే నేను చూసిన చోట ఫారంలోనే "ప్రత్యామ్నాయ వ్యక్తి" అని ఒక వరుస ఉండేది. పంపే కంపెనీ ముందే మూడో పేరు ఇస్తుంది, హోస్ట్ ముగ్గురికీ అనుమతి పెడతారు, ఇద్దరికే పాస్ పడుతుంది. ఆ మూడో పేరు కూడా కాని మనిషి వస్తే బయటి రిసెప్షన్‌లో కూర్చోబెడతారు. హోస్ట్ సిస్టమ్‌లో కొత్త అభ్యర్థన పెట్టి, ఆ గదికి బాధ్యుడైన వ్యక్తి ఒప్పుకున్నాకే లోపలికి. ఈలోపు ఫారంలో ఉన్న మొదటి మనిషి పని మొదలుపెట్టుకోవచ్చు, ఒక్కరే చేయదగ్గ పనైతే.

ఇంకో సంగతి. బదులు మనిషిని పంపామని ఆ కంపెనీ నోటితో వినాలి. వచ్చిన మనిషి ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే లాభం లేదు, అవతల ఎవరు ఎత్తుతారో మనకి తెలియదు. ఒప్పందం కాగితాల్లో ఉన్న నంబరుకే చేయాలి. హోస్ట్‌కి చేసేటప్పుడూ అంతే, ఫారం మీద రాసిన సెల్ నంబరుకి కాకుండా సంస్థ డైరెక్టరీలో ఉన్న నంబరుకి చేయాలి. ఫారం ఎవరైనా నింపి పంపగలరు, డైరెక్టరీని మార్చలేరు.

స్టోర్స్_కౌంటర్

మా దగ్గర గేట్ పాస్ రెండు రంగుల్లో ఉంటుందండీ. తిరిగి రావాల్సిన వస్తువుకి ఒకటి, తిరిగి రానిదానికి ఇంకొకటి. మూడు ప్రతులు తీస్తాం. ఒకటి స్టోర్స్‌కి, ఒకటి గేటుకి, ఒకటి పట్టుకెళ్లేవాళ్లకి. తిరిగి రావాల్సినదానికి తేదీ వేస్తాం, ఆ తేదీ దాటితే డిపార్ట్‌మెంట్‌కి చీటీ వెళ్తుంది. మీ ఫారంలో ఆ తేదీ గడి ఉందా? అది లేకపోతే ఎన్ని సంతకాలున్నా లాభం లేదు.

ఫారం_పని

స్టోర్స్ గారూ, మీరు చెప్పేది సామాను గేట్ పాస్. నేను అడిగింది మనుషుల పాస్ గురించి. అయితే ఆ తేదీ మాట నాకు వేరే రకంగా పనికొస్తుంది. మనిషి పాస్‌కి కూడా గడువు గంట ఉండాలి, అది దాటితే ఎవరికో కబురు వెళ్లాలి. మా ఫారంలో తేదీ మాత్రమే ఉంది, గంట లేదు.

స్టోర్స్_కౌంటర్

సరే సరే, మనుషులదా. అయినా ఒక మాట. బ్యాటరీ వాళ్లు ఉత్త చేతులతో రారు కదా. మీటరు, ల్యాప్‌టాప్, పనిముట్ల పెట్టె తెస్తారు. మనిషి పాస్ నంబరు సామాను చీటీ మీద, సామాను చీటీ నంబరు మనిషి పాస్ మీద రాయించండి. ల్యాప్‌టాప్‌కి సీరియల్ నంబరు రాయాలి, "ల్యాప్‌టాప్ - 1" అని రాస్తే వెళ్లేటప్పుడు ఏది తీసుకెళ్తున్నారో గేటుకి తెలియదు. పాత బ్యాటరీలు బయటికి వెళ్తే అది తిరిగి రాని సామాను, దాన్ని విజిటర్ పాస్ మీద వదలకూడదు. దానికి మా కౌంటర్ సంతకం కావాలి.

నెట్‌వర్క్_రూం

నేను హోస్ట్‌గా ఎక్కువసార్లు ఉండేవాణ్ని, అటువైపు నుంచి చెప్తాను. కాగితం ఫారం మానేసి ఆన్‌లైన్ పెట్టేస్తే ఈ గొడవే ఉండదు. హోస్ట్ ఒక క్లిక్ చేస్తారు, విజిటర్‌కి క్యూఆర్ కోడ్ వెళ్తుంది, గేటులో స్కాన్ చేస్తారు. ఎవరు ఎప్పుడు అనుమతి ఇచ్చారో సిస్టమ్‌లో పడిపోతుంది. మూడేసి సంతకాలంటే రాత్రి స్విచ్ పాడైనప్పుడు నేను ఎవరిని లేపాలి? ఇక గుర్తింపు సంగతి అంటారా, గేటులో ఐడీ జిరాక్స్ తీసి ఫారానికి పిన్ చేసేయండి. ఏదైనా జరిగితే చేతిలో ఆధారం ఉంటుంది.

ఆడిట్_కన్ను

నెట్‌వర్క్ గారితో సగం ఏకీభవిస్తాను. అనుమతి ముందే, సిస్టమ్‌లో, సమయంతో సహా పడాలి. నేను తనిఖీకి వెళ్తే మొదట చూసేది రెండు సమయాలు: అనుమతి ఎప్పుడు పడింది, మనిషి ఎప్పుడు లోపలికి వెళ్లాడు. పది ఇరవైకి అనుమతి, పది అయిదుకి ప్రవేశం ఉంటే ఆ సంతకం తర్వాత పూడ్చిందని అర్థం. కాగితం మీద గంట ఉండదు కాబట్టి ఇది కనిపించదు.

కానీ ఒక్క క్లిక్ చాలదు. క్యూఆర్ కోడ్ గుర్తింపు కాదు, ఫోన్‌లో వచ్చిన బొమ్మ. దాన్ని ఎవరికైనా పంపించుకోవచ్చు. స్కాన్ చేస్తే "ఈ అభ్యర్థన ఉంది" అని తెలుస్తుంది, "ఎదురుగా ఉన్నది ఆ మనిషే" అని తెలియదు.

జిరాక్స్ విషయంలో మాత్రం అస్సలు ఒప్పుకోను. గేటు గదిలో సొరుగు నిండా అపరిచితుల గుర్తింపు కార్డుల నకళ్లు ఉంటే, రేపు అవి పోయినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరే. తాళం వేస్తారా, ఎవరు తీస్తారు, ఎప్పుడు చించేస్తారు అని అడిగితే చాలాచోట్ల జవాబు ఉండదు. నకలు ఉన్నంత మాత్రాన గార్డు కార్డుని, ముఖాన్ని పోల్చి చూశాడని రుజువు కాదు. ఏ కార్డు చూశారు, దాని చివరి నాలుగు అంకెలు, చూసినవారి పేరు, సమయం. ఇవి ఫారంలో ఉంటే చాలు. అసలు కార్డుని పూచీగా గేటులో అట్టిపెట్టుకోవడం ఇంకా తప్పు. లోపల ఆ మనిషికి ఏదైనా ప్రమాదం జరిగి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే, కార్డు గేటులో ఉండిపోతుంది.

చెల్లింపు కార్డుల సమాచారం ఉన్న చోట్లకి పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం వర్తిస్తుంది. అందులో విజిటర్‌కి ప్రవేశానికి ముందే అనుమతి, లోపల ఉన్నంతసేపూ వెంట ఉండే ఎస్కార్ట్, సిబ్బంది బ్యాడ్జికి భిన్నంగా కనిపించే, గడువున్న బ్యాడ్జి అడుగుతారు. లాగ్‌లో పేరు, సంస్థ, తేదీ, సమయం, అనుమతి ఇచ్చిన ఉద్యోగి పేరు ఉండాలి. చట్టం వేరుగా చెప్పకపోతే దాన్ని కనీసం మూడు నెలలు ఉంచాలి. జిరాక్స్ తీయమని అందులో ఎక్కడా లేదు.

షిఫ్ట్_సి

నేను రాత్రి గేటులో ఉంటాను. ఐడీ చూడటం అంటే అందరూ ఏదో చిన్న పనిలా మాట్లాడతారు, అందుకని చెప్తున్నా.

కార్డు నా చేతికి ఇవ్వమంటాను. పర్సులో ప్లాస్టిక్ వెనక నుంచి చూపిస్తే ఒప్పుకోను. అంచులు, ఫొటో, గడువు తేదీ చేతిలో ఉంటేనే తెలుస్తాయి. ఫోన్‌లో ఫొటో తీసిన కార్డు చూపించేవాళ్లు ఎక్కువ, అది కార్డు కాదు. హెల్మెట్, మాస్కు తీయమంటాను. చెవులు, కనుబొమలు, దవడ చూస్తాను. జుట్టూ గడ్డమూ మారతాయి కాబట్టి వాటిని పట్టించుకోను.

పేరు నేను చదివి "మీరేనా" అని అడగను. "మీ పేరు చెప్పండి, ఎవర్ని కలవాలి, ఏ గదిలో పని" అని వాళ్లనే చెప్పమంటాను. మనం చదివితే అవును అనడం ఎవరికైనా తేలికే.

కంపెనీ ఐడీ ఒక్కటే నేను చాలనుకోను. అది ఏ కంపెనీలో పని చేస్తున్నాడో చెప్పడానికి. మనిషి ఎవరో చెప్పడానికి ప్రభుత్వం ఇచ్చిన ఫొటో కార్డు ఒకటి కావాలి. ఫారం_పని గారి కథలో బదులు వచ్చిన ఆయన కంపెనీ ఐడీయే చూపించారు. అలాగని ఆ గార్డుని తప్పుపట్టకండి. హోస్ట్ ఫోన్‌లో "పంపించండి" అన్నాక కాదనడానికి గార్డుకి కాగితం మీద ఆధారం ఏముంది? మీ ఫారంలోనే రాసి పెట్టండి, ఫోన్ మాట మీద పేరు మార్చకూడదని. అప్పుడు మేం చూపించి చెప్పగలం.

రోజూ వచ్చే తలనొప్పి ఇంకోటి ఉంది. హోస్ట్‌లు పిలిచే పేరు రాస్తారు, కార్డులో పూర్తి పేరు ఉంటుంది. ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట, పొడి అక్షరాలు ఒకచోట. రాత్రి రెండింటికి నేను ఏది నమ్మాలి?

ఉత్తర_గేటు

షిఫ్ట్_సి చెప్పింది అక్షరాలా నిజం. పేరు తేడాకి మా పద్ధతి ఇది. ఫారం గడి పక్కనే "కార్డులో ఉన్నట్టుగా రాయాలి" అని అచ్చు వేస్తాం, హోస్ట్ విజిటర్‌ని అడిగి కార్డు రకం, చివరి నాలుగు అంకెలు ముందే తీసుకుంటారు. గేటులో పేరు అటూఇటూ ఉన్నా అంకెలు కలిస్తే, కార్డులో ఉన్న పేరు "గేటులో చూసిన పేరు" అన్న గడిలో రాసి వదులుతాం. పాత పేరు కొట్టేయం, రెండూ కనిపించాలి. అంకెలు కలవకపోతే అది వేరే మనిషి కిందే లెక్క, పేరు ఎంత దగ్గరగా ఉన్నా సరే.

నెట్‌వర్క్ గారు రాత్రి ఎవర్ని లేపాలి అన్నారు. అది న్యాయమైన ప్రశ్న. ఆ గదికి బాధ్యులు ఆన్‌కాల్ పట్టిక పెట్టుకోవాలి, అందులో ఉన్నవారు రాత్రి అనుమతి ఇవ్వగలగాలి. హోస్ట్ తన పనికి తనే అనుమతి ఇచ్చుకునే వీలు మాత్రం ఉండకూడదు. పని అవసరమని హోస్ట్ అంటారు, ఆ గదిలోకి ఇప్పుడు మనిషి వెళ్లొచ్చా లేదా అన్నది గది బాధ్యులు అంటారు. బ్యాటరీ గదిలో అదే రోజు ఇంకో పని జరుగుతుందేమో హోస్ట్‌కి తెలియకపోవచ్చు.

బ్యాటరీ_సర్వీస్

ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. నేను ఆ "విజిటర్"ని. పని మీద రకరకాల చోట్లకి వెళ్తుంటాను.

ఒక చోట నన్ను లోపల గదిలో పెట్టి, వెంట వచ్చిన ఆయన ఫోన్ వచ్చిందని బయటికి వెళ్లారు. తలుపు వెనక తాళం పడింది. బయటికి రావాలన్నా లోపలి నుంచి కార్డు చూపించాలి, నా విజిటర్ కార్డుకి ఆ తలుపు తెరుచుకోదు. కాసేపటికి అలారం మోగింది. పరీక్ష కోసం మోగించారట, నాకు ఎవరూ చెప్పలేదు. తలుపు కొట్టాను. పక్క వరుసలో ఉన్నవాళ్లు విని తీశారు. బయటికి వచ్చాక ఎక్కడ నిలబడాలో తెలియక మనుషులు వెళ్తున్న వైపు వెళ్లాను. నా పేరు ఎవరి జాబితాలోనూ లేదు.

మీరందరూ మేం ఏం పట్టుకెళ్తామో అని ఆలోచిస్తున్నారు, తప్పులేదు. ఎస్కార్ట్ మా కోసం కూడా. దయచేసి పాస్ మీద ఎస్కార్ట్ పేరు, ఎక్స్‌టెన్షన్ నంబరు అచ్చు వేయించండి. ఆయన కనపడకపోతే నేను ఎవరికి చేయాలో నాకు తెలియాలి. అలారం మోగితే ఏ చోట చేరాలో కూడా.

ఆడిట్_కన్ను

ఇది చాలా ముఖ్యమైన మాట. ఆ తలుపు సంగతి వేరేగా రాసి ఇవ్వాల్సింది. కార్డు ఉన్నా లేకపోయినా లోపలి వాళ్లు అత్యవసరంలో బయటికి రాగలగాలి, అందుకు లోపలివైపు అత్యవసర బటన్ లాంటిది ఉంటుంది. అది ఎక్కడుందో ఎస్కార్ట్ గదిలో అడుగుపెట్టగానే చూపించాలి. ఫారంలో "భద్రతా సూచనలు చెప్పాం" అని టిక్కు గడి ఉంటే ప్రయోజనం తక్కువ, చూడకుండానే టిక్కు పెడతారు. "అత్యవసర ద్వారం, చేరే చోటు నాకు చూపించారు" అని విజిటర్‌తోనే సంతకం పెట్టించండి.

నెట్‌వర్క్_రూం

జిరాక్స్ మాట వెనక్కి తీసుకుంటాను, ఆ కోణం నేను ఆలోచించలేదు. ఎస్కార్ట్ దగ్గర మాత్రం నాకు ఇబ్బంది ఉంది. బ్యాటరీ సర్వీసు అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఒక ఇంజనీరు రోజంతా కుర్చీ వేసుకుని కూర్చోవడం జరిగే పని కాదు. మధ్యలో మార్చుకోక తప్పదు. కెమెరా ఉంది కదా, దాంతో చూడొచ్చు.

ఉత్తర_గేటు

మార్చుకోవద్దని ఎవరూ అనలేదండీ. మార్పు రాయాలి అంటున్నాం. కెమెరా జరిగిపోయింది చూపిస్తుంది, చేయి పట్టి ఆపదు. తప్పు ప్యానెల్ తీస్తున్నప్పుడు "అది కాదు, పక్కది" అనే మనిషి అక్కడ ఉండాలి.

ఎస్కార్ట్ మార్పుకి మా దగ్గర మూడు షరతులు ఉండేవి. కొత్త ఎస్కార్ట్ ఆ గదికి ఎస్కార్ట్‌గా పేరు ఉన్న ఉద్యోగి అయి ఉండాలి. ఇద్దరూ విజిటర్ ఎదురుగానే అప్పగించుకోవాలి, ఫోన్‌లో కాదు. పాస్ వెనక ఉన్న వరుసలో సమయం, ఇద్దరి సంతకాలు పడాలి. వరుస రాసేదాకా పాత ఎస్కార్ట్‌దే బాధ్యత. తీసుకునేవాళ్లు దొరకకపోతే పని ఆపి, విజిటర్‌ని రిసెప్షన్‌కి తీసుకొచ్చి కూర్చోబెట్టాలి. పని ఆగుతుందని తెలిస్తే మనుషులు దొరుకుతారు.

ఫారం_పని గారి రోజునే తీసుకుని, అదే ఫారం వెనక పేజీ సరిగ్గా నిండితే ఎలా ఉండేదో రాస్తాను. హోస్ట్ సంగతి మీరే చెప్పారు, మిగతా సమయాలు నేను వేసుకున్నవి.

ప్రవేశం 9:40, మొదటి టెక్నీషియన్. ఎస్కార్ట్: హోస్ట్.
బదులు వ్యక్తి: రిసెప్షన్‌లో 9:40 నుంచి. కొత్త అభ్యర్థన 9:55. కంపెనీతో ఒప్పందం నంబరులో మాట 10:05. గది బాధ్యుల అనుమతి 10:10. ప్రభుత్వ ఫొటో కార్డు చూసినది 10:14. ప్రవేశం 10:15. ఎస్కార్ట్: హోస్ట్.
మార్పు 13:00: హోస్ట్ నుంచి సహోద్యోగికి, ఇద్దరు విజిటర్లు, బ్యాటరీ గది. రెండు సంతకాలు.
మార్పు 16:25: సహోద్యోగి నుంచి సాయంత్రం షిఫ్టు ఉద్యోగికి. రెండు సంతకాలు.
నిష్క్రమణ 17:30: ఇద్దరూ కలిసి, ఎస్కార్ట్ గేటు దాకా. పాస్‌లు రెండు వాపసు. సామాను చీటీ సరిచూశారు.

చూడండి, 16:25 వరుస రాయడానికి ఎవరూ దొరకలేదనుకోండి. అప్పుడు ఆ సహోద్యోగి ఇంటికి వెళ్లే ముందు ఇద్దర్నీ రిసెప్షన్‌కి తీసుకురావాల్సి వచ్చేది. "కాస్త చూస్తూ ఉండండి" అన్న మాటకి ఆ వరుసలో చోటు లేదు.

షిఫ్ట్_సి

పాస్ వాపసు గురించి. మా దగ్గర ఇప్పుడు కాగితపు బ్యాడ్జి వాడుతున్నారు, రెండు పొరలది. ఒకదాని మీద ఒకటి అతికిస్తే కింది రంగు నెమ్మదిగా పైకి వచ్చి, ఒక రోజు తిరిగేసరికి ఎర్ర గీతలు కనిపిస్తాయి. ఎవరైనా జేబులో పెట్టుకుని వెళ్లినా మర్నాడు పెట్టుకుని రాలేరు. తలుపులు తెరిచే కార్డు ఇస్తే మాత్రం అది వాపసు తీసుకోవాలి, లేదా గడువు గంట కాగానే అదే ఆగిపోయేలా పెట్టాలి.

ఆడిట్_కన్ను

తలుపు కార్డు మాట వచ్చింది కాబట్టి. కొన్ని యాక్సెస్ సిస్టమ్‌లలో విజిటర్ కార్డు ఒక్కటే చూపిస్తే తలుపు తెరుచుకోదు. విజిటర్ కార్డు చూపించిన కొద్ది సెకన్లలో ఎస్కార్ట్ కార్డు కూడా పడాలి. ఎవరు ఎవరితో ఏ తలుపు దాటారో లాగ్‌లో జంటగా పడుతుంది. మీ సిస్టమ్‌లో ఆ సదుపాయం ఉందేమో చూడండి. ఉంటే వెనక పేజీ వరుసల్ని దానితో సరిచూసుకోవచ్చు. అదే ఫారం బదులు అవుతుందనుకోకండి. తలుపు దాటాక గదిలో ఎవరున్నారో దానికి తెలియదు.

నెట్‌వర్క్_రూం

ఒక ఎస్కార్ట్‌కి ఎంతమంది? మా దగ్గర అయిదుగురు అని రాసి ఉంది. అది సరైన అంకేనా?

ఉత్తర_గేటు

అంకె ఒక్కటే రాస్తే మోసపోతాం. సమావేశ గదిలో పదిమంది కూర్చుని ఉంటే ఒకరు చూడగలరు. సర్వర్ హాలులో ఇద్దరు రెండు వరుసల్లో పని చేస్తుంటే, మధ్యలో ర్యాకులు అడ్డం, ఒకరి చూపుకి ఇద్దరూ ఆనరు. నేనైతే "ఎస్కార్ట్ కంటి ముందు, మాట వినిపించే దూరంలో ఉండాలి. గుంపు విడిపోతే ఇంకో ఎస్కార్ట్" అని రాస్తాను, పక్కన గరిష్ఠ సంఖ్య గది బాధ్యులు వేస్తారు.

బ్యాటరీ_సర్వీస్

మరి బాత్రూంకి వెళ్లాలంటే? ఇద్దరం ఉంటే ఒకరికి అవసరమైనా ఇద్దర్నీ పని ఆపి బయటికి తీసుకెళ్తారు కొన్నిచోట్ల. కొన్నిచోట్ల "అదిగో ఆ చివర" అని చూపించి వదిలేస్తారు. రెండూ చూశాను.

ఆడిట్_కన్ను

మొదటిదే నియమం ప్రకారం సరైనది. ఎస్కార్ట్ బయట తలుపు దగ్గర నిలబడతారు, లోపలికి వెళ్లరు. గంటలకొద్దీ పని ఉంటే ముందే ఇద్దరు ఎస్కార్ట్‌లని వేయమని నేను చెప్తాను.

నెట్‌వర్క్_రూం

రాసేటప్పుడు సులువే, ఇద్దరు ఇంజనీర్లు ఎక్కడి నుంచి వస్తారు? సెక్యూరిటీ గార్డునే ఎస్కార్ట్‌గా వేయండి. వాళ్ల పనే అది.

షిఫ్ట్_సి

మమ్మల్ని వేస్తారు, వెళ్తాం. కానీ ప్యానెల్ తీసి ఏ వైరు ముట్టుకుంటున్నారో నాకు ఏం తెలుస్తుంది? మనిషి ఆ గది దాటకుండా చూడగలను, వెంట బాత్రూం దాకా వెళ్లగలను. ఆయన చేసే పని సరైనదా కాదా చెప్పమంటే నా వల్ల కాదు. తర్వాత ఏదైనా ఆగిపోతే "ఎస్కార్ట్ ఎవరు" అని నా పేరే కనిపిస్తుంది.

ఉత్తర_గేటు

దీని మీద నేను షిఫ్ట్_సి పక్షం. ఆ గది పని తెలిసినవాళ్లే ఎస్కార్ట్ కావాలి.

ఆడిట్_కన్ను

నేను పూర్తిగా ఒప్పుకోను. కారిడార్‌లో, ఆఫీసు అంతస్తులో గార్డు చాలు. సర్వర్ హాలు, బ్యాటరీ గది లాంటి చోట్లే పని తెలిసిన మనిషి కావాలి. ఫారంలో ఎస్కార్ట్ రకం గది బట్టి మారాలి.

స్టోర్స్_కౌంటర్

అంబులెన్స్ వస్తే ఏం చేస్తారు? మా దగ్గర ఒకసారి లోడింగ్ దగ్గర ఒకాయన పడిపోయాడు. గేటులో అంబులెన్స్ డ్రైవర్‌ని ఫారం నింపమన్నారు. నా కళ్లతో చూశాను.

ఉత్తర_గేటు

అది జరగకూడదు. అంబులెన్స్, అగ్నిమాపక వాహనం వస్తే గేటు తెరవాలి. ఒక గార్డు ముందు దారి చూపిస్తూ వెంట వెళ్లాలి, వాహనం నంబరు, ఎంతమంది, సమయం గేటులో రాసుకుంటే చాలు. మిగతా వివరాలు తర్వాత. ఇది ఫారం మీద కాదు, గేటు గదిలో గోడ మీద ఉండాలి.

ఫారం_పని

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటల్ని బట్టి ముసాయిదా ఇలా మార్చాను.

ముందు పేజీలో హోస్ట్ అభ్యర్థన: కార్డులో ఉన్నట్టు పేరు, కార్డు రకం, చివరి నాలుగు అంకెలు, సంస్థ, పని, గది, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ప్రత్యామ్నాయ వ్యక్తి. దాని కింద గది బాధ్యుల అనుమతి, సమయంతో. హోస్ట్, గది బాధ్యులు ఒకే మనిషైతే వారి పైవారి సంతకం. ఆ కింద గేటు గడి: చూసిన కార్డు, చూసిన పేరు, చూసినవారు, సమయం, సామాను చీటీ నంబరు. "ఫోన్ మాట మీద పేరు మార్చరాదు" అని అచ్చులో. వెనక పేజీ మొత్తం ఎస్కార్ట్ వరుసలు, కింద విజిటర్ సంతకం, చివర నిష్క్రమణ. పాస్ మీద ఎస్కార్ట్ పేరు, ఎక్స్‌టెన్షన్, చేరే చోటు.

నిష్క్రమణ గడిలో ఎస్కార్ట్ సంతకం పెట్టాను. సరేనా?

షిఫ్ట్_సి

ఎస్కార్ట్‌తో పాటు గేటు సంతకం కూడా పెట్టండి. ఎస్కార్ట్ లిఫ్ట్ దగ్గరే వదిలేసి సంతకం పెట్టేస్తారు. బయటికి వెళ్లాడని చెప్పగలిగేది గేటు ఒక్కటే.

ఇంకోటి. షిఫ్టు మారేటప్పుడు తెరిచి ఉన్న పాస్‌లన్నీ పేరుపేరునా చదివి, వచ్చే షిఫ్టుకి అప్పగించే వరుస ఒకటి గేటు రిజిస్టర్‌లో పెట్టండి. గడువు గంట దాటిన పాస్ ఉంటే అప్పుడే ఎస్కార్ట్‌కి ఫోన్ చేస్తాం. మీ సంగతి ఆరింటికి కాకుండా నాలుగున్నరకే తెలిసేది.

ఫారం_పని

రెండూ చేరుస్తున్నాను. గార్డు ఎస్కార్ట్ కావచ్చా అన్నది మాత్రం నేను ఒక్కదాన్నే తేల్చలేను. ప్రస్తుతానికి గదుల జాబితా చేసి, ప్రతి గది ముందు "ఎస్కార్ట్: పని తెలిసిన ఉద్యోగి / ఎవరైనా" అని ఖాళీ పెట్టి గది బాధ్యులకి పంపుతున్నాను. లోడింగ్ ప్రాంతం, ఆర్కైవ్ గది విషయంలో ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి. ఆ రెండిటికీ బాధ్యులు ఎవరన్నదే మా దగ్గర ఇంకా ఎవరూ ఒప్పుకోవడం లేదు.

స్టోర్స్_కౌంటర్

లోడింగ్ గురించి నేను రాస్తాను. లారీ డ్రైవరు, క్లీనరు ఇద్దరూ విజిటర్లే కదా, వాళ్లకి హోస్ట్ ఎవరు? మా దగ్గర ఆ గడిలో "స్టోర్స్" అని డిపార్ట్‌మెంట్ పేరు రాసి వదిలేస్తున్నారు.

ఉత్తర_గేటు

డిపార్ట్‌మెంట్ సంతకం పెట్టలేదు స్టోర్స్ గారూ. ఆ షిఫ్టులో సరుకు దింపించుకునే మనిషి పేరు కావాలి. రోజుకి ఎన్ని లారీలు వస్తాయి, డ్రైవరు క్యాబిన్‌లోనే ఉంటారా, దిగి లోపల తిరుగుతారా? అది చెప్తే ఆ గది వరుస కలిసి రాద్దాం.